ఫోన్‌తో వాయిస్ ఓవర్ చేస్తే బాత్రూంలో మాట్లాడినట్టు వస్తోంది, ఎడిటింగ్‌లో పోవట్లేదు

వంటింటి_కబుర్లు: అందరికీ నమస్తే. వంటల వీడియోలు చేస్తుంటాను, వంట అయ్యాక గొంతు విడిగా రికార్డు చేసి కలుపుతాను. మాది విజయవాడలో అద్దె పోర్షన్, హాల్లో టైల్స్, ఖాళీ గోడలు. ఫోన్ ట్రైపాడ్ మీద పెట్టి ఓ 4 అడుగుల దూరంలో కూర్చుని చదువుతాను. గొంతు ఎక్కడో దూరంగా, మోగుతూ వస్తోంది. యాప్‌లో నాయిస్ రిడక్షన్ పెంచితే ఫ్యాన్ మోత పోతోంది గానీ గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు అవుతోంది. ఏ యాప్ వాడాలో చెప్పండి ప్లీజ్.

సత్తిబాబు_కాకినాడ: అక్కా, కోడిగుడ్ల ట్రేలు గోడలకి అంటించండి, ఎకో మొత్తం పోద్ది. ఇంకోటి, ఫోన్ ఎంత దగ్గర పెడితే అంత మంచిది, నోటికి ఆనించినట్టు పెట్టి మాట్లాడండి.

రమణ_టెక్: ఎకో అవతలివాళ్ళకి వినిపిస్తోందా మీకా? స్పీకర్ ఆఫ్ చేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాల్ చెయ్యండి, పోతుంది.

వంటింటి_కబుర్లు: కాల్ కాదండీ, రికార్డింగ్ గురించి అడిగాను.

మైకు_మాష్టారు: అమ్మా, యాప్ మార్చినంత మాత్రాన ఇది పూర్తిగా పోదు. ఫ్యాన్ మోత ఒకే తీరుగా వస్తూ ఉంటుంది కాబట్టి యాప్ దాన్ని గుర్తుపట్టి తగ్గించగలదు, కానీ ఎకో అంటే మీ గొంతే, గోడకి నేలకి కొట్టుకుని కాస్త ఆలస్యంగా తిరిగొచ్చి మీ మాట మీదే పడుతోంది, దాన్ని కొయ్యబోతే మాట కూడా తెగుతుంది, మీరన్న నీళ్ళ శబ్దం అదే. కాబట్టి అది ఫోన్‌లోకి తక్కువగా వెళ్ళేలా ముందే చూసుకోవాలి.

దానికి మొదటి పని దూరం. ఫోన్‌కీ నోటికీ మధ్య దూరం సగం చేసిన ప్రతిసారీ మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్, అంటే 6 డీబీ పెరుగుతుంది, గది మోత మాత్రం దాదాపు అంతే ఉంటుంది. 4 అడుగుల నుంచి 2, 2 నుంచి 1, 1 నుంచి అర అడుగు, అంటే మూడుసార్లు సగం అయింది, గది కంటే మీ గొంతు 18 డీబీ పైకొచ్చినట్టు. ఇంట్లో గోడకి ఒక్క మేకు కొట్టకుండా వచ్చే లాభం ఇది. జానెడు దూరంతో మొదలుపెట్టండి, తర్వాత కాస్త అటూ ఇటూ జరపొచ్చు.

సత్తిబాబు చెప్పిన దగ్గర అనే మాట నిజమే గానీ ఆనించడం వద్దు. మరీ దగ్గరైతే పప్పు, బెల్లం, ఫలానా అన్నప్పుడల్లా ఊపిరి నేరుగా మైకు మీద కొట్టి బుస్సుమంటుంది, గట్టిగా పలికిన చోట గొంతు చీలిపోతుంది, అలా చీలింది ఎడిటింగ్‌లో పూర్తిగా బాగుపడదు. గుడ్ల ట్రేల సంగతి, అవి పల్చటి అట్ట, పైపైన చురుకుదనం కాస్త తగ్గుతుందేమో గానీ గదిలోని బొంగురు మోత అలాగే ఉంటుంది, బయట శబ్దమూ ఆగదు. దాని బదులు రెండు బొంతలు మేలు.

సత్తిబాబు_కాకినాడ: మా ఫ్రెండ్ రూమ్‌లో ట్రేలు అంటించాక తేడా వచ్చింది మాష్టారూ, నేనే విన్నాను.

మైకు_మాష్టారు: వచ్చి ఉండొచ్చు తమ్ముడూ, కాదనను. అదే రూమ్‌లో పరుపు, బట్టలు కూడా చేరితే ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేం.

దోహా_రాజు: అన్నా నేను షేరింగ్ రూమ్‌లో ఉంటా, నలుగురం, ఒకళ్ళు నిద్రపోతే ఒకళ్ళు వంట చేస్తారు. కథలు చదువుతా, కారులో కూర్చుని అద్దాలు ఎక్కించి ఇంజినూ ఏసీ ఆపి రికార్డు చేస్తా. సీట్లు మెత్తన కదా, ఎకో అసలు రాదు. ఎండాకాలం మాత్రం కూర్చోలేం, తెల్లవారుజామున చేసుకోవాలి.

వంటింటి_కబుర్లు: మాకు కారు లేదు రాజు గారూ. మాష్టారూ, బెడ్‌రూమ్ అయితే ఎలా ఉంటుంది? పరుపు, కర్టెన్లు ఉన్నాయి, బట్టల బీరువా స్టీల్‌ది.

మైకు_మాష్టారు: బెడ్‌రూమే మంచిది. మీరు కూర్చోబోయే చోట ఒక్క చప్పట కొట్టి వినండి, వెనకాలే ట్రింగ్‌మని తోక వస్తే ఆ చోటు వద్దు, చప్పట పొడిగా ఆగిపోతే కూర్చోండి. గది మూలలో కూర్చోకండి, గొంతు గుమ్మని మోగుతుంది. బీరువా తలుపులు మూసి ఉంటే ఆ రేకు మోగుతుంది, తెరిచి చీరలు, దుప్పట్లు బయటికి కనబడేలా పెట్టి వాటి వైపు తిరిగి చదవండి, గొంతు ఎక్కువగా ముందుకే వెళ్తుంది కాబట్టి ముందున్నది మెత్తగా ఉండాలి. ఫోన్ మైకు అన్ని వైపులా వింటుంది గనక మీ వెనకాల కూడా ఓ రజాయి వేలాడదీస్తే ఇంకా మంచిది. తల మీదుగా దుప్పటి కప్పుకోవడం మాత్రం నాకు నచ్చదు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మూసుకుపోతుంది.

ఫోన్‌లో మైకు ఎక్కడుందో కూడా చూడండి, మామూలుగా కింద ఛార్జింగ్ పెట్టే చోట ఉంటుంది. రికార్డు ఆన్ చేసి ఒక్కో రంధ్రం పక్కన గోరుతో మెల్లగా గీకి వినండి, ఎక్కడ గట్టిగా వస్తే అది. ఫోన్ కెమెరాలో వీడియోగా రికార్డు చేస్తే పైనో వెనకో ఉన్న మైకు పనిచేయొచ్చు, అప్పుడు మళ్ళీ చూసుకోవాలి. మైకు ఉన్న చివర మీ వైపు ఉండాలి, కానీ నోటికి తిన్నగా కాకుండా బుగ్గకి కొంచెం పక్కగా, గడ్డం ఎత్తులో, మాట మైకు పక్కనుంచి వెళ్ళాలి, ఊపిరి తగలకూడదు. చేత్తో పట్టుకోకండి, నున్నటి టేబుల్ మీద పడుకోబెట్టకండి, టేబుల్ నుంచి కూడా శబ్దం తిరిగొస్తుంది. మీ ట్రైపాడ్‌నే దగ్గరికి లాక్కోండి.

శ్రావ్య_హెచ్ఆర్: కాలర్ మైకు కొంటే ఇదంతా తప్పుతుంది కదా?

మైకు_మాష్టారు: కొంటే దూరం సమస్య తీరుతుందమ్మా, గది సమస్య అలాగే ఉంటుంది. చీర కొంగు రాసుకుంటే గరగర కూడా. ముందు ఉన్న ఫోన్‌తో నాలుగు క్లిప్పులు చేసి చూడమనండి, ఒకటే వాక్యం, హాల్లో దూరంగా, హాల్లో జానెడులో, బెడ్‌రూమ్‌లో దూరంగా, బెడ్‌రూమ్‌లో జానెడులో. ఏ ఎఫెక్టూ వెయ్యకుండా ఇయర్‌ఫోన్స్‌లో వినాలి, ఫోన్ స్పీకర్‌లో ఎకో సరిగా తెలీదు.

వంటింటి_కబుర్లు: చేశాను మాష్టారూ! "పప్పు మెత్తగా ఉడికాక తాలింపు పెట్టుకుందాం" అని నాలుగు చోట్లా చదివాను. వింత ఏంటంటే బెడ్‌రూమ్‌లో దూరంగా చేసినదాని కంటే హాల్లో జానెడులో చేసిందే బాగుంది, బెడ్‌రూమ్‌లో జానెడులో చేసింది అన్నిటికన్నా శుభ్రంగా ఉంది. ముందు పప్పు అన్న చోట బుస్సుమంది, ఫోన్ బుగ్గ పక్కకి జరిపితే పోయింది. ఫ్యాన్ ఆపేసి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను. కానీ ఇప్పుడు ఇంకోటి, నేను ఆగిన ప్రతిచోటా బుస్ మని గాలి లాంటి శబ్దం మెల్లగా పెరుగుతోంది, మాట్లాడగానే తగ్గుతోంది.

మైకు_మాష్టారు: అది మీ ఫోన్ చేసే పని, మీరు ఆగగానే శబ్దం తక్కువైందనుకుని లెవెల్ తనే పెంచేస్తుంది, దానితో గది శబ్దం పైకొస్తుంది. కొన్ని రికార్డర్ యాప్‌ల సెట్టింగ్స్‌లో ఆటో గెయిన్ అని ఉంటుంది, ఆపేయండి, ఆపాక మీరు గట్టిగా పలికిన చోట యాప్‌లోని లెవెల్ మీటర్ -12, -6 డీబీ మధ్య ఉంటే చాలు, 0 తాకకూడదు. కొన్ని ఫోన్లలో ఆ ఆప్షనే ఇవ్వరు, అప్పుడు ఆగిన చోట్ల ఎడిటింగ్‌లో కొంచెం వాల్యూమ్ దించుకోవడమే. చదవడం మొదలెట్టేముందు ఓ 10 సెకన్లు ఊరకే ఉండి గది శబ్దం రికార్డు చెయ్యండి, కోతలు పెట్టిన చోట అతకడానికి పనికొస్తుంది.

దోహా_రాజు: అన్నా నా ఫోన్‌లో ఆ ఆటో గెయిన్ ఆప్షన్ లేదు, వేరే యాప్ పెడితే వస్తుందా, లేకపోతే ఫోన్‌లోనే లాక్ అయిపోయి ఉంటుందా?

మైకు_మాష్టారు: ఫోన్‌ని బట్టి. ఇంకో రికార్డర్ యాప్ వేసి, మాట్లాడి ఆగి, మళ్ళీ మాట్లాడి చూడండి, ఆగిన చోట బుస్ పెరగకపోతే ఆ యాప్ ఉంచుకోండి. రెండిట్లోనూ పెరిగితే ఆ క్లిప్ ఇక్కడ పెట్టండి, వింటాను.