అప్‌డేట్: సహోద్యోగికి పంపిన సంతాప సందేశం

నేను అడిగింది: "'మీ తండ్రి మరణ వార్త విని చాలా భాధ కలిగింది. నా ప్రఘాడ సానుభూతి. ఏదైనా అవసరమైతే చెప్పండి' అని రాశాను. సరిచేస్తారా?"

మీరు చెప్పినవన్నీ చూసి పంపింది ఇది:

"సర్, నాన్నగారు ఇక లేరని తెలిసి చాలా బాధగా ఉంది. మీకూ, అమ్మగారికీ నా ప్రగాఢ సానుభూతి. నెలాఖరు బిల్లులు నేను చూసుకుంటాను. పెద్దకర్మ అయ్యేదాకా ఆఫీసు సంగతి వదిలేయండి. దీనికి జవాబు రాయనక్కర్లేదు."

'బాధ'లో ఒత్తక్షరం రెండోదే. 'ప్రగాఢ'లో గ మామూలుది, చివర ఢ. 'మీ తండ్రి' అని నేరుగా అంటే మొరటుగా వినిపిస్తుంది. 'అవసరమైతే చెప్పండి' అన్నప్పుడు అడిగే భారం దుఃఖంలో ఉన్నవాళ్ల మీదే పడుతుంది, అందుకే చేసే పనేదో చెప్పేయడం మేలు. మీ అందరికీ కృతజ్ఞతలు.