√(3x + 4) ఫస్ట్ ప్రిన్సిపుల్‌ల ఎల్-హాస్పిటల్ రూల్ వాడితే తప్పేంది?

దేవరకొండ_ఫస్టియర్:
కాలేజీ టెస్టుల √(3x + 4) డెరివేటివ్ ఫస్ట్ ప్రిన్సిపుల్ నుంచి కనుక్కోమని ఇచ్చిన్రు. నిర్వచనం రాసిన, 0/0 వచ్చింది, ఎల్-హాస్పిటల్ రూల్ పెట్టిన, 3/(2√(3x + 4)) వచ్చింది. జవాబు కరెక్టే. అయినా నాలుగు మార్కులల్ల ఒక్కటే ఏసిన్రు. లిమిట్ ఎట్ల తీస్తే ఏంది, జవాబు అదే గదా?

సూర్యాపేట_గణితం:
తమ్ముడూ, ఒక్క మార్కు సరిగ్గనే ఏసిన్రు. రూట్ కనిపిస్తే కాంజుగేట్‌తోని పైనా కిందా గుణించాలె, అంతే. స్క్వేర్ రూటైనా క్యూబ్ రూటైనా పద్ధతి అదే. (xⁿ − aⁿ)/(x − a) ఫార్ములా పెట్టినా నేనైతే ఒప్పుకోను, అది కూడా డెరివేటివ్‌నే దొంగచాటుగ తెచ్చుడు.

నల్గొండ_1బి:
మొదటి మాట నిజమే. తర్వాతి రెండిటితో నాకు పేచీ ఉంది. ముందు తమ్ముడి సంగతి చూద్దాం.

ఎల్-హాస్పిటల్ రూల్ పెట్టినప్పుడు లవాన్ని h తో డిఫరెన్షియేట్ చేశావు. అంటే √(3x + 3h + 4) డెరివేటివ్ 3/(2√(3x + 3h + 4)) అని ముందే తెలుసనుకొని రాశావు. అడిగింది సరిగ్గా దాన్నే. జవాబు తప్పు కాదు, కానీ ఆ కాగితం మీద ఏదీ రుజువు కాలేదు. నిర్వచనం లైను ఒక్కటే నీ సొంత పని, అందుకే దానికే మార్కు పడ్డది.

అసలు పని ఇట్ల ఉంటుంది. x > −4/3 అనుకుందాం.

```
[√(3x+3h+4) − √(3x+4)] / h
= [(3x+3h+4) − (3x+4)] / ( h·[√(3x+3h+4) + √(3x+4)] )
= 3h / ( h·[√(3x+3h+4) + √(3x+4)] )
= 3 / [√(3x+3h+4) + √(3x+4)]
```

ఇక్కడిదాకా లిమిట్ తీసుకోలేదు. h సున్నా కాదు కాబట్టే మూడో లైన్లో h కొట్టేయగలిగాం. ఆఖరి రూపంలో h → 0 అయితే హారం 2√(3x + 4) అవుతుంది. చాలామంది పేపర్లలో ‘డెరివేటివ్ =’ అని మొదలుపెట్టి ఈ నాలుగు లైన్ల ముందూ lim రాయరు, ఆఖర్లో ఒక్కసారే తగిలిస్తారు. అట్ల రాస్తే మొదటి లైను డెరివేటివ్‌కు సమానమని చెప్పినట్టు అవుతుంది, అది అబద్ధం. అట్ల మొదలుపెడితే h పోయేదాకా ప్రతి లైనుకూ lim ఉండాలి, విలువ పెట్టిన లైన్లో ఉండకూడదు.

ఇంకో తప్పు: f(x+h) రాసేటప్పుడు √(3x + 4 + h) అని రాసేస్తారు. x ఉన్న చోట (x + h) పెడితే 3h రావాలి. ఆ తప్పు చేస్తే పైన h మాత్రమే మిగిలి 1/(2√(3x + 4)) వస్తుంది. లెక్క ఎక్కడా ఆగదు, అందుకే ఆ తప్పు కనబడదు. పట్టుకోవాలంటే x = 0, h = 0.01 పెట్టి చూడు: √4.03 సుమారు 2.00749, నిష్పత్తి 0.7486. మన జవాబు 3/4 కు దగ్గర, 1/4 కు కాదు.

వనపర్తి_కోడ్:
నాకు ఇదే ఫంక్షన్‌తో వేరే ఇబ్బంది వచ్చింది. x = 0 దగ్గర h ఎంత చిన్నదైతే అంత కచ్చితంగా రావాలి కదా అని పైథాన్‌లో ఇది నడిపిన:

```
h = 1e-16
((4 + 3*h)**0.5 - 2) / h
```

0.0 వచ్చింది. 0.75 రావాలి కదా? మరి నిర్వచనమే పనిచేయడం లేదా?

నల్గొండ_1బి:
నిర్వచనంలో లోపం లేదు, అన్నా. మెషీన్ 4 పక్కన పట్టుకోగల తర్వాతి సంఖ్య 4 కంటే దాదాపు 9e-16 పైన ఉంటుంది. 3e-16 అందులో సగం కూడా లేదు, కాబట్టి 4 + 3h మళ్లీ 4 అయిపోతుంది, లవం సున్నా. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసేయడమే ఇక్కడి సమస్య. కాంజుగేట్ రూపం `3/((4 + 3*h)**0.5 + 2)` నడిపి చూడు, అదే h కు 0.75 వస్తుంది. తీసివేత పోయి కూడిక వచ్చింది. చేత్తో చేసినప్పుడు 0/0 పోయిందీ అదే మార్పుతోనే. కానీ ఇది తమ్ముడు అడిగిన ప్రశ్న కాదు.

సూర్యాపేట_గణితం:
సరే, మరి క్యూబ్ రూట్ సంగతి చెప్పు. కాంజుగేట్ ఎందుకు పనికిరాదు?

నల్గొండ_1బి:
∛(x + h) ని A, ∛x ని B అనుకుందాం, x సున్నా కాదు. A + B తో గుణిస్తే లవం A² − B² అవుతుంది. రూట్లు అట్లనే ఉన్నాయి, h విడిపడలేదు. కావాల్సింది A³ − B³, ఎందుకంటే అది x + h − x, అంటే h. కాబట్టి A² + AB + B² తో పైనా కిందా గుణించాలి. నిష్పత్తి 1/(A² + AB + B²) అవుతుంది, లిమిట్ 1/(3B²). నాలుగో రూట్ అయితే నాలుగు పదాలు.

x = 0 దగ్గర మాత్రం ఏ గుణకారమూ ఆదుకోదు. √x కు అక్కడ నిష్పత్తి 1/√h. h = 0.01 కు 10, h = 0.0001 కు 100. డెరివేటివ్ లేదు.

పాలమూరు_ఇంటర్మీడియట్:
పాలినామియల్ గురించి ఒక్క మాట. x³ − 2x లో పిల్లలు f(x) తీసేసేటప్పుడు బ్రాకెట్ పెట్టరు, +2x రావాల్సిన చోట −2x రాస్తారు. అప్పుడు పైన −4x మిగిలిపోతుంది. కొట్టివేతలన్నీ అయ్యాక లవంలో h లేని పదం ఒక్కటి మిగిలినా ముందు గుర్తులు తప్పాయని అర్థం. సరిగ్గా చేస్తే h తో భాగించాక 3x² + 3xh + h² − 2 మిగులుతుంది, మిగతాది చూస్తేనే తెలుస్తుంది.

ఇక (xⁿ − aⁿ)/(x − a) మీద నేను సూర్యాపేట సార్‌తో ఏకీభవించను. అది లిమిట్ల పాఠంలో ముందే వచ్చింది. 3x + 4 ని a, 3x + 3h + 4 ని t అనుకుంటే నిష్పత్తి 3·(√t − √a)/(t − a) అవుతుంది. n = 1/2 పెడితే రెండు లైన్లలో పని అయిపోతుంది. అది డెరివేటివ్ ఎట్ల అవుతుంది?

సూర్యాపేట_గణితం:
విలువ చూడు సార్, n·aⁿ⁻¹. పేరు మార్చిన డెరివేటివే.

నల్గొండ_1బి:
విలువ ఒకటే కావడం వేరు, రుజువులో వాడుకోవడం వేరు. n ధన పూర్ణాంకం అయితే భాగిస్తే n పదాలు వస్తాయి, ప్రతిదీ aⁿ⁻¹ వైపు పోతుంది. n = p/q అయితే x = t^q, a = b^q పెట్టి, పైనా కిందా t − b తో భాగిస్తే p·b^(p−1) కింద q·b^(q−1) వస్తుంది. డెరివేటివ్ ఎక్కడా రాలేదు. అట్ల రుజువు చేసుంటే అందులో వలయం లేదు.

అయితే x → a అయినప్పుడు t → b అవుతుందని, అంటే రూట్ కంటిన్యువస్ అని మాత్రం కావాలి. పైన నేను చేసిన కాంజుగేట్ లెక్కలో ఆఖరి లైన్‌కు కూడా అదే కావాలి. స్క్వేర్ రూట్ అయితే దానికీ కాంజుగేటే చాలు: |√u − √v| = |u − v|/(√u + √v), అది |u − v|/√v కంటే ఎక్కువ కాదు.

సూర్యాపేట_గణితం:
రుజువు పక్కన రాస్తే ఒప్పుకుంటా. ఫార్ములా ఒక్కటే రాసి పోతే నాలుగు మార్కులు వేయను. నిర్వచనం నుంచి చేయగలడా అని చూడ్డానికే ఆ ప్రశ్న.

పాలమూరు_ఇంటర్మీడియట్:
పాఠంలో ఉన్న ఫలితాన్ని పరీక్షలో మళ్లీ రుజువు చేయమనడం నాకు సమ్మతం కాదు. sin ax అడిగినప్పుడు sin θ/θ లిమిట్‌ను ఎవరు రుజువు చేయిస్తున్నరు?

దేవరకొండ_ఫస్టియర్:
సార్లిద్దరు తేల్చుకునేదాక నేను కాంజుగేట్‌తోనే రాస్త. 3h, lim గుర్తుపెట్టుకుంట. ∛(2x − 1) చేసి రేపు ఇక్కడ పెడ్త, చూడున్రి.