గుండ్రటి ముఖానికి, తేమకు రేగే జుట్టుకు ఏ టోపీ, ఏ స్కార్ఫు నప్పుతాయి?

నమస్కారం. నేను విశాఖపట్నంలో బీచ్ రోడ్డుకు దగ్గరలో ఉంటాను. సముద్రపు గాలిలోని తేమకు నా ఉంగరాల జుట్టు, ముఖ్యంగా నుదుటి దగ్గరి పొట్టి వెంట్రుకలు, బయటికి వచ్చిన కాసేపటికే రేగిపోతాయి కనుక, అలాంటి రోజుల్లో తలకు ఏది పెట్టుకోవాలో సలహా కోరుతున్నాను.

నాది గుండ్రటి ముఖం, చిన్న నుదురు. తలకు అతుక్కుపోయే ఊలు టోపీ జుట్టును పూర్తిగా దాచినా, చూసేవారికి బుగ్గలే కనబడతాయి. పైభాగం ఎత్తుగా ఉండి, అంచు బుగ్గల వెడల్పును కొద్దిగా దాటే టోపీని ఒక పక్కకు వాల్చి పెట్టుకుంటే ముఖం కోలగా అనిపిస్తుంది గానీ, అంచు పెద్దదయ్యేకొద్దీ గాలికి లేచిపోతుంది. నా తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు. నచ్చిన టోపీ 58లోనే దొరుకుతోంది. లోపలి పట్టీ వెనుక పలుచని స్పాంజి ముక్క పెడితే బీచ్ రోడ్డు గాలికి ఆగుతుందా, లేక గడ్డం కింద తాడు ఉన్నదే కొనాలా?

స్కార్ఫును గడ్డం కింద ముడివేస్తే ముఖం మరింత గుండ్రంగా కనిపిస్తుంది కాబట్టి, మెడ వెనుక నుంచి పైకి తెచ్చి నడినెత్తికి కాస్త పక్కగా ముడివేస్తున్నాను. నూలుది కదలకుండా నిలుస్తుంది గానీ రాపిడికి జుట్టు ఇంకా రేగుతుంది. పట్టుది మృదువుగా ఉన్నా జారిపోతుంది. లోపల సన్నని నూలు పట్టీ కట్టి, దానిపై పట్టు స్కార్ఫు చుట్టేవారు ఎవరైనా ఉంటే, నుదురు మూసుకుపోకుండా ముందు వెంట్రుకలను ఎలా అణుస్తారో దయచేసి చెప్పగలరు.