2^x అవకలజంలోకి ln 2 ఎందుకొస్తుంది? ఆధారం మన ఇష్టమే కదా

కొత్త విద్యార్థి:
2^x ను అవకలనం చేస్తే 2^x · ln 2 వస్తుందని పుస్తకంలో ఉంది. లెక్కలో ఎక్కడా e లేదు. ఆధారం 2, పైన x, అంతే. మరి సహజ సంవర్గమానం ఎక్కడి నుంచి ఊడిపడింది? అది ఒక అలవాటేనని, 10 ఆధారంగా పెట్టుకున్నా గణితం నిక్షేపంగా నడుస్తుందని నా స్నేహితుడి వాదన. ln నిజంగా తప్పనిసరా, లేక మర్యాద కోసం పెట్టుకున్నదా?

దశాంశప్రియ:
మీ స్నేహితుడిదే నిజం. 10^x అవకలజం 10^x × 2.3026. 10 ఆధారంగా ఉన్న log x అవకలజం 0.4343 / x. ఈ రెండు సంఖ్యలూ గుర్తుంటే జీవితమంతా ln ముఖం చూడకుండా గడిపేయవచ్చు. కోణాలను డిగ్రీల్లో కొలిస్తే sin అవకలజం ముందు π/180 వచ్చి కూర్చుంటుంది. అంతమాత్రాన డిగ్రీలు తప్పయిపోవు కదా! ఇదీ అంతే, కొలమానం మారితే గుణకం మారుతుంది. దీనికి ఇంత హడావిడి అక్కర్లేదు.

అవధి:
దశాంశప్రియ గారి పోలిక బాగుంది, కానీ అది ఆయన వాదనకే ఎదురు తిరుగుతుంది. ఆ 2.3026 ఎక్కడిదో ఆయన చెప్పలేదు.

e అనే పేరే ఎప్పుడూ వినలేదనుకుని 2^x తో మొదలుపెడదాం. x నుంచి x + h కి జరిగితే పెరుగుదల 2^(x+h) − 2^x. దీనిలోంచి 2^x ను బయటికి తీయవచ్చు. h తో భాగిస్తే మిగిలేది 2^x · (2^h − 1)/h. ఇక్కడ కాసేపు ఆగి చూడండి: రెండో ముక్కలో x లేదు. అంటే 2^x వాలు ఎక్కడ కొలిచినా ఆ చోట దాని ఎత్తుకు ఒకే స్థిర సంఖ్య రెట్లు ఉంటుంది. ఆ స్థిరాంకం x = 0 దగ్గరి వాలే. ఇంతవరకూ ఏ సంవర్గమానమూ రాలేదు.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. h = 0.1 అయితే 0.7177 వస్తుంది. h = 0.01 కి 0.6956, h = 0.001 కి 0.6934. దిగుతూ దిగుతూ 0.6931 దగ్గర నిలుస్తుంది. 3 తో చేస్తే 1.0986 దగ్గర నిలుస్తుంది. ఈ సంఖ్యను k(a) అందాం.

అసలు విషయం దీని తర్వాత ఉంది. (ab)^h − 1 ని a^h · (b^h − 1) + (a^h − 1) అని విడదీయవచ్చు. h తో భాగించి h ని సున్నాకు పంపండి. a^h విలువ 1 అవుతుంది కాబట్టి k(ab) = k(a) + k(b) మిగులుతుంది. 6 తో చేసి చూసుకోండి: 0.6931 + 1.0986 = 1.7917. ఆరుకు విడిగా లెక్కించినా 1.7918 వస్తుంది, చివరి అంకెలో తేడా గుండ్రం చేయడం వల్ల వచ్చింది.

గుణకారాన్ని కూడికగా మార్చే పని చేసేది సంవర్గమానమే. కాబట్టి k ను మనం పిలిచి తేలేదు, వాలు లెక్కలోంచి అదే బయటపడింది. అది ఏ ఆధారానికి సంవర్గమానం? k విలువ 1 అయ్యే ఆధారానికి. 2 కి 0.69, 3 కి 1.1 కనుక ఆ ఆధారం 2 కీ 3 కీ మధ్యే ఉండాలి. k(2^c) = c · k(2) కాబట్టి c = 1/0.693147 = 1.442695 తీసుకుంటే చాలు. 2^1.442695 ఎంతో చూడండి, 2.71828.

2 తో మొదలుపెట్టి e దగ్గర తేలాం. 10 తో మొదలుపెట్టినా, 7 తో మొదలుపెట్టినా తేలేది అక్కడే.

దశాంశప్రియ:
బయటపడింది సరే. దానికి పేరు పెట్టి తీరాలన్న నియమం ఏముంది? a^x అవకలజం a^x · log a × 2.3026 అని, log అంతా 10 ఆధారంగానే రాసుకుంటాను. ఏ లెక్కా తప్పదు.

అవధి:
తప్పదు, అందులో నాకు వివాదం లేదు. కానీ మీరు రాసిన 2.3026 అంటే 1/log e. మీరు 10 ఆధారంగా ఎంత పట్టుబట్టినా e ఆ గుణకంలో దాక్కునే ఉంది. 0.30103 ని 0.434294 తో భాగించండి, మళ్లీ 0.6931 వస్తుంది. ఆధారం ఎంచుకునే హక్కు మీకుంది, k ని ఎంచుకునే హక్కు లేదు.

కోడ్ రాసేవాడు:
h ని చిన్నది చేస్తూ పోతే 0.6931 వస్తుందన్నారు కదా. నేను కంప్యూటర్‌లో మరీ చిన్న h పెట్టి చూశాను. ఫలితం సున్నా. మొదట నాకు గణితం మీదే అనుమానం వచ్చింది.

```python
import math
for h in (1e-3, 1e-15, 1e-16):
    print(h, (2**h - 1) / h)
print(math.expm1(1e-16 * math.log(2)) / 1e-16)
```

మొదటి వరుసలో 0.6934 బాగానే ఉంది. రెండో దానిలో 0.666, మూడో దానిలో 0.0. చివరి వరుస మాత్రం సరిగ్గా 0.6931 ఇచ్చింది.

అవధి:
గణితం తప్పు కాదు, నిల్వ చేసే పద్ధతి తంటా. కంప్యూటర్ మామూలుగా వాడే ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల్లో 1 తర్వాత వచ్చే సంఖ్య దాదాపు 2.2 × 10^−16 దూరంలో ఉంటుంది. h = 10^−16 దగ్గర 2^h అసలు విలువ 1 కంటే 0.69 × 10^−16 మాత్రమే ఎక్కువ. అది ఆ సందులో పడి 1 గానే మిగిలిపోతుంది, 1 తీసేస్తే సున్నా. 10^−15 దగ్గర ఆ సందులు మూడు పడతాయి, అందుకే 0.666. expm1 మాత్రం 1 ని కలిపి తీసివేయకుండా నేరుగా ఆ చిన్న తేడానే లెక్కిస్తుంది. అయితే దానికి మీరు math.log(2) ని ముందే ఇచ్చారు కాబట్టి అది 0.6931 కి సాక్ష్యం కాదు. ఇచ్చినదే తిరిగి వచ్చింది.

చేత్తో అంచనా వేయాలంటే h = 0.0001 చాలు. మరీ కిందికి దిగితే లాభం కంటే నష్టం ఎక్కువ.

కోడ్ రాసేవాడు:
అర్థమైంది. ఒక చిన్న హెచ్చరిక కూడా: పైథాన్‌లో math.log(100) అంటే 4.605 వస్తుంది, 2 కాదు. కాలిక్యులేటర్ మీద log అనే మీట మాత్రం 10 ఆధారానిది. ఈ రెండూ కలిసిపోయిన ఒక గ్రాఫ్‌లో వాలులన్నీ 2.3 రెట్లు ఎక్కువ వచ్చాయి. ఒక పూట మొత్తం దాంతోనే సరిపోయింది. ఫలితంలో 2.3 లేదా 0.43 అనే నిష్పత్తి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే.

అంకెల పిచ్చి:
ఇంత గొడవ ఎందుకండీ? ఘాతాన్ని కిందికి దించి ఒకటి తగ్గించడం చిన్నప్పటి నుంచి చేస్తున్నదే కదా. 2^x కి x · 2^(x−1). ఇందులో ln ఎక్కడుంది?

అవధి:
x = 0 పెట్టి చూడండి. మీ సూత్రం ప్రకారం అక్కడ వాలు సున్నా, అంటే వక్రం అడ్డంగా పడుకోవాలి. కానీ 2^0 = 1, 2^0.1 = 1.07. స్పష్టంగా ఎక్కుతోంది. x^2 లో మారేది అడుగున ఉన్న సంఖ్య, 2^x లో మారేది పైన ఉన్న సంఖ్య. మీ నియమం మొదటి రకానికి మాత్రమే.

అంకెల పిచ్చి:
మరి x^x? రెండూ మారుతున్నాయి. దానికి ఏ నియమం?

అవధి:
రెండూ వాడి కలపాలి. పైన ఉన్నది స్థిరం అనుకుంటే x · x^(x−1), అంటే x^x. అడుగున ఉన్నది స్థిరం అనుకుంటే x^x · ln x. మొత్తం x^x (1 + ln x). విడివిడిగా రెండూ తప్పు, కలిపితే ఒప్పు. దీనికి విడిగా ఒక చర్చ పెట్టండి, ఇక్కడ దారి తప్పుతాం.

హైపర్బోలా:
అవధి గారి దారి అందంగా ఉంది. కానీ పునాదిలో రెండు ఇటుకలు లేవు. (2^h − 1)/h ఒక చోట నిలుస్తుందని కాలిక్యులేటర్ చూపించింది, నిరూపించలేదు. కొందరు ఇక్కడ లోపిటాల్ నియమం వాడేస్తారు. ఆ నియమానికి 2^h అవకలజం ముందే తెలిసి ఉండాలి, మనం వెతుకుతున్నదే అది. రెండోది, 2^√2 అంటే ఏమిటో ఎవరు చెప్పారు?

నేనైతే అటు నుంచి వస్తాను. 1/t వక్రం కింద 1 నుంచి x దాకా ఉన్న వైశాల్యాన్ని L(x) అంటాను. 1 నుంచి 2 దాకా ఉన్న ముక్కను అడ్డంగా మూడింతలు సాగదీసి, నిలువుగా మూడో వంతుకు నొక్కితే 3 నుంచి 6 దాకా ఉన్న ముక్క వస్తుంది, వైశాల్యం మారదు. అందుకే L(6) = L(3) + L(2). దీని అవకలజం 1/x అన్నది నిర్వచనంలోనే ఉంది, ఏ గుణకమూ లేదు. ఆధారం ఎంచుకోమని ఎవరూ అడగను కూడా లేదు. సెయింట్ విన్సెంట్ గ్రెగరీ 1647లో ఈ వైశాల్యాల లక్షణాన్ని ప్రచురించాడు, 1649లో సరాసా దాన్ని సంవర్గమానాలతో ముడిపెట్టాడు. e ని ఆధారంగా కేంద్రంలో నిలబెట్టిన ఆయిలర్ గ్రంథం వచ్చింది 1748లో. చరిత్రలోనూ ln ముందు, e తర్వాత.

అవధి:
లోపిటాల్ విషయంలో పూర్తిగా మీతో ఏకీభవిస్తాను, అది వలయ వాదన. అయితే మొదటి ఇటుక పెట్టవచ్చు. 2^x పైకి వంగిన వక్రం కాబట్టి, h కుడి నుంచి సున్నాకు తగ్గేకొద్దీ (2^h − 1)/h తగ్గుతూనే ఉంటుంది, పైన ఇచ్చిన అంకెల్లోనూ అదే కనిపిస్తుంది. సున్నాకు ఎడమ పక్కన వచ్చే విలువల కంటే కిందికి పోలేదు. ఉదాహరణకు h = −1 కి విలువ 0.5. తగ్గుతూ, ఒక హద్దు దాటలేనిది ఎక్కడో నిలవాలి. ఎడమ వైపు విలువ కుడి వైపు విలువను 2^h తో భాగించినదే, కాబట్టి రెండు వైపులా ఒకే చోట కలుస్తాయి.

2^√2 సంగతి మాత్రం ఒప్పుకోవాల్సిందే. నా దారిలో దాన్ని భిన్న ఘాతాలతో దగ్గరవుతూ కట్టుకోవాలి, ఆ పని బరువైనది. మీ దారిలో అది ఉచితంగా వస్తుంది. బదులుగా, 2 ని మూడు సార్లు గుణిస్తే 8 అన్న మామూలు ఘాతం మీ వైశాల్యంలోంచి ఎలా పుట్టిందో కొత్తవాళ్లకు వివరించడానికి సమయం పడుతుంది.

హైపర్బోలా:
ఆ మాత్రం సమయం ఇవ్వవచ్చు. మొదటి రోజే ఇవ్వాలంటాను నేను.

దశాంశప్రియ:
మీరిద్దరూ పునాది గురించి కొట్టుకుంటున్నారు, నాది వాడకం గురించి. ఆమ్లాల గాఢత pH లో ఉంది, భూకంప తీవ్రత 10 ఆధారంగా ఉంది. ఆ చోట్ల ఫలితాలు 10 ఆధారంగా చూపడమే చదివేవాడికి సులువు. అవకలనం చేసేటప్పుడు ఒక 2.3026 మోస్తాను, అంతేగా.

కొత్త విద్యార్థి:
ఒక్క సందేహం మిగిలింది. ఆధారం 1/2 అయితే? k ఋణాత్మకం అవుతుందా?

అవధి:
అవుతుంది. 2 × (1/2) = 1, k(1) = 0 కాబట్టి k(1/2) = −0.6931. (1/2)^x దిగుతున్న వక్రం, వాలు ఋణాత్మకమే ఉండాలి. ఆధారం 1 దగ్గర k సున్నా. అందుకే 1 ని ఆధారంగా పెట్టి సంవర్గమానం రాయలేం: అక్కడ 1/k తో గుణించాలి, సున్నాతో భాగించాల్సి వస్తుంది. ఆధారం 1 కి దగ్గరగా, ఉదాహరణకు 1.01 గా ఉంటే k దాదాపు 0.00995, కాబట్టి ఆ ఆధారానికి సంవర్గమానం వాలు 100.5 / x. 1.01 తో h లెక్క మీరే వేసి ఇక్కడ పెట్టండి, దశాంశప్రియ గారు దాన్ని 10 ఆధారంలోకి మారుస్తారు.