నాలుగు బోర్లు, 74 ఏళ్ల నాయన: ఎరిక్సన్ చెప్పిన నిరాశ ఇదేనా?

కదిరి ఆడబిడ్డ: మా నాయనకు 74. నాలుగు బోర్లు ఎండిపోయి రెండెకరాలు అమ్ముకున్నాడు. రోజూ అదే కథ. మనిషి బతుకును ఎనిమిది దశలుగా చెప్పిన మనస్తత్వవేత్త ఎరిక్సన్ లెక్కన, పసితనంలోనే తల్లి పోయింది కాబట్టి మొదటిదైన నమ్మకం దశే దెబ్బతింది, ముసలితనంలో వచ్చే చివరి దశలో నిరాశ తప్పదు అంటాడు మా తమ్ముడు. నిజమేనా?

బీఈడీ బ్యాచ్: కరెక్టే. ఎనిమిది దశలు మెట్లలాంటివి. మొదటి మెట్టు విరిగితే పైకి ఎలా ఎక్కుతారు?

పెన్నా గట్టు: ఎరిక్సన్ పాస్, ఫెయిల్ అనలేదు. నమ్మకం, అపనమ్మకం రెండూ ఉంటాయి, ఏది ఎక్కువ తూగిందన్నదే లెక్క. ఏడిస్తే ఎత్తుకుని వేళకు పాలు పట్టే మనిషి ఉంటే నమ్మకం కుదురుతుంది. ఆ మనిషి కన్నతల్లే కానక్కర్లేదు. మీ నాయనను ఎవరు సాకారక్కా?

బోరు బాధితుడు: ముందు భూమి అమ్మించిందెవరో చెప్పండి. మా అన్నలు నాతో ఇట్లే అమ్మించి, ఇప్పుడు నాకే బుద్ధి లేదంటున్నారు.

కదిరి ఆడబిడ్డ: అవ్వ సాకింది. ఒక్క పూట వదల్లేదంట.

బీఈడీ బ్యాచ్: మరి మొదటి దశను పునాది అని ఎందుకంటారు?

పెన్నా గట్టు: పునాదే, కాదనను. కానీ పాత పేచీ తర్వాతి దశల్లో మళ్లీ తలెత్తుతుంది, అప్పుడు సర్దుకునే వీలూ ఉంటుంది. మీరు ఒక్క మాట పట్టుకుని కూర్చున్నారు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే మానసిక వైద్యుడు, పెద్దవాళ్లు గతాన్ని తవ్వుకోవడం చాదస్తం కాదు, బతుకు లెక్క చూసుకోవడం అన్నాడు. అది కొందరిని నెమ్మదిపరుస్తుంది, కొందరిని కుంగదీస్తుంది. కథలో కొత్త సంగతులు, మంచి రోజులు కూడా వస్తున్నాయా గమనించండి. రెండు వారాలుగా తిండి, నిద్ర తగ్గి, 'నేనుండి ఏం లాభం' అంటుంటే మాత్రం దశ అని సరిపెట్టుకోకండి. డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌కు చూపించాలి.

బీఈడీ బ్యాచ్: అంటే రోజూ పుండు కెలకమంటారా? మా తాత అట్లే ఏడ్చి ఏడ్చి పోయాడు. మాట మార్చడమే మేలు.

కదిరి ఆడబిడ్డ: మాట మార్చీ మార్చీ విసిగిపోయాను! తిండి, నిద్ర బాగానే ఉన్నాయి. అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. నాలుగో బోరు వద్దని నాయన మొత్తుకున్నాడు. పట్టుబట్టి వేయించింది తమ్ముడే, రెండెకరాలు పోయింది దానికే. నాయన ఆ తప్పూ తన మీదే వేసుకుని చెప్తుంటే వాడు లేచి వెళ్లిపోతాడు. తల్లి లేని పసితనం వాడికి సాకుగా దొరికింది.

పెన్నా గట్టు: అయితే వినాల్సింది మీ తమ్ముడు. జరిగిందంతా మంచిదే అనుకోవడం కాదు చివరి దశలో నిరాశను దాటడమంటే. ఇది నా బతుకే అని ఒప్పుకోగలగడం. తనది కాని తప్పు మోస్తుంటే అది కుదరడం కష్టం.

బీఈడీ బ్యాచ్: ఈ వయసులో కొడుకును దోషిని చేస్తే ఆయన తట్టుకుంటాడా?

కదిరి ఆడబిడ్డ: తమ్ముడు ఇంకా రాలేదు. రాత్రి నేనే కూర్చున్నాను. పాయింట్ చూసినప్పుడు అరచేతిలో టెంకాయ ఎట్లా లేచి నిలబడిందో చెయ్యి చాపి చూపించాడు. అది రోజూ చెప్పేదే. తర్వాత మాత్రం, మొదటి బోరు మూడేళ్లు పారిందనీ, ఆ మూడేళ్లూ వీధంతా మా నీళ్లే పట్టుకుపోయిందనీ అన్నాడు. ఈ మాట నేనెప్పుడూ వినలేదు.