లాగి చూస్తే పట్టింది, మలుపులో ట్రైలర్ ఊడిపోయింది: ఎందుకు?

కొత్తస్టీరింగ్
ట్రైలర్ బండి నడపడం మొదలుపెట్టి ఏడు నెలలైంది. మొన్న జరిగింది జరిగినట్టు చెప్తాను, నా తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలి.

యార్డులో ఒక ట్రైలర్ వదిలేసి, పక్కనే ఉన్న లోడ్ ట్రైలర్ తగిలించుకున్నాను. నిదానంగా రివర్స్ వెళ్లాను, ట్రైలర్‌ని బండికి పట్టి ఉంచే ఫిఫ్త్ వీల్ దగ్గర టక్ అని శబ్దం వచ్చింది. ట్రైలర్ బ్రేకులు వేసే ఉన్నాయి, మొదటి గేరులో ఒకసారి ముందుకి లాగి చూశాను, బండి కదల్లేదు. సరే పట్టిందనుకుని దిగి ఎయిర్ పైపులు, కరెంటు వైరు తగిలించి, ట్రైలర్ ముందు ఆనే కాళ్లు పూర్తిగా పైకి ఎత్తేశాను. రెండు వందల మీటర్లు కూడా పోలేదు. గేటు మలుపులో చిన్న గుంత, వెనక పెద్ద చప్పుడు. అద్దంలో చూస్తే ట్రైలర్ నాతో రావట్లేదు. పైపులు తెగి ట్రైలర్ తనంతట తానే బ్రేకు పట్టేసింది, ముందు భాగం నా ఛాసిస్ చివర మీద పడింది. మడ్‌గార్డులు పోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే ఊరట.

లాగి చూస్తే పట్టింది కదా. మరి ఎలా ఊడింది?

నలభైటన్నులు
దవడలు అరిగిపోయి ఉంటాయి తమ్ముడూ. ఫిఫ్త్ వీల్ లోపల పిన్నుని పట్టుకునే దవడలు అరిగితే పట్టు వదులవుతుంది, గుంతలో ఎగిరినప్పుడు పిన్ను జారిపోతుంది. పిన్ను కూడా అరిగే ఉంటుంది, ట్రైలర్ మొత్తం బరువు మోసేది అదే కదా. రెండూ మార్పించు.

పాతబండి
కింగ్‌పిన్ సమస్య నాకూ వచ్చింది. స్టీరింగ్ ఒక పక్కకి లాగేది, ముందు టైర్లు లోపలివైపు అరిగిపోయేవి. జాకీ పెట్టి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలిసింది. కింగ్‌పిన్, బుష్‌లు రెండు వైపులా మార్చాక సరైంది. నువ్వు కూడా ముందు చక్రాలు ఎత్తి చూడు.

గ్రీజుచేతులు
పాతబండి గారూ, మీరు చెప్పింది ముందు యాక్సిల్ కింగ్‌పిన్, చక్రం తిరిగే ఇరుసు. ఈ తమ్ముడు అడుగుతున్నది ట్రైలర్ ముందు భాగం కింద, ప్లేటు మధ్యలోంచి కిందకి వేలాడే పిన్ను. పేరొకటే, వస్తువులు వేరు. షాపులో పార్టు అడిగేటప్పుడు కూడా ఈ గందరగోళం జరుగుతుంటుంది.

నలభైటన్నులు అన్నా, అరుగుదల మాట కొట్టిపారేయలేను, కానీ బరువు విషయం అలా కాదు. ట్రైలర్ ముందు బరువంతా పడేది ఫిఫ్త్ వీల్ ప్లేటు మీద, ఇనుము మీద ఇనుము ఆనుకుని. పిన్ను చేసే పని రెండే: లాగినప్పుడు ట్రైలర్‌ని ముందుకి తీసుకెళ్లడం, బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి వచ్చే తోపుడు ఆపడం. మలుపులో ట్రైలర్ ఆ పిన్ను చుట్టూనే తిరుగుతుంది, ఎత్తుపల్లాల్లో ప్లేటు తన ఇరుసు మీద ముందుకీ వెనక్కీ వాలుతుంది. బరువు మాత్రం ప్లేటుదే.

తమ్ముడూ, నేను వర్క్‌షాపులో ఇరవై ఏళ్లకు పైగా ఫిఫ్త్ వీల్స్ విప్పుతున్నాను. మూడు సంగతులు చెప్పు. తగిలించాక ఫిఫ్త్ వీల్ హ్యాండిల్ పూర్తిగా లోపలికి వెళ్లిందా? రెండు ప్లేట్ల మధ్య వెలుతురు కనపడిందా? అంతకుముందు ట్రైలర్ వదిలేటప్పుడు ఎయిర్ సస్పెన్షన్ దించావా? పిన్ను ఫోటో ఉంటే పెట్టు.

కొత్తస్టీరింగ్
హ్యాండిల్ చూడలేదు అన్నా. ప్లేట్ల మధ్య కూడా చూడలేదు, చీకటి. సస్పెన్షన్ దించాను, పాత ట్రైలర్ కింద నుంచి బయటికి రావడానికి. మళ్లీ పైకి లేపిన గుర్తు లేదు. ఫోటోలు పెట్టాను, పిన్ను కింద అంచు మీద తాజాగా గీసుకుపోయిన మెరుపు ఉంది.

గ్రీజుచేతులు
ఫోటో చూశాను. జవాబు అందులోనే ఉంది.

పిన్నుని దగ్గరగా చూడు. మధ్యలో సన్నటి మెడ ఉంటుంది, రెండంగుళాల పిన్నుకి అది 50.8 మిల్లీమీటర్లు. దాని కింద వెడల్పాటి తల, సుమారు 71 మిల్లీమీటర్లు. దవడలు పట్టుకోవాల్సింది మెడని. తల అంత వెడల్పుగా ఉండేది పిన్ను పైకి జారిపోకుండా. నీ ఫోటోలో మెడ చుట్టూ పాత నల్ల గ్రీజు చెక్కుచెదరకుండా ఉంది. దవడ అక్కడ కూర్చుని ఉంటే ఆ గ్రీజు తుడిచిపెట్టుకుపోయేది. మెరుపు ఉన్నది తల వెనక అంచు మీద. అంటే నీ దవడలు మెడ బదులు తలని పట్టుకున్నాయి.

ఎలా జరిగిందంటే, నీ బండి సస్పెన్షన్ దిగి ఉంది, ట్రైలర్ కాళ్ల మీద ఎత్తుగా నిలబడి ఉంది. పిన్ను ఉండాల్సిన దానికంటే మూడు నాలుగు సెంటీమీటర్లు పైన ఉండి లోపలికి వచ్చింది. తల దవడలకి తగలగానే అవి మూసుకోబోయాయి, టక్ శబ్దం అదే. తల వెడల్పు కాబట్టి పూర్తిగా మూసుకోలేకపోయాయి. హ్యాండిల్ చూసి ఉంటే రెండు మూడు వేళ్లంత బయటే మిగిలి కనపడేది.

లాగితే ఎందుకు పట్టిందంటే, బ్రేకులు వేసిన ట్రైలర్‌ని తిన్నగా లాగినప్పుడు ఆ అంచు కాసేపు ఆపగలదు. కాళ్లు ఎత్తాక బరువు దిగి ప్లేటు కిందకి ఆనాలి. తల దవడలకి అడ్డం పడి ఉంటే పూర్తిగా ఆనదు. గుంతలో ట్రైలర్ ఒక్క కుదుపు కుదిపేసరికి అంచు జారిపోయింది.

యార్డ్‌కాపలా
యార్డులో బండ్లు ఎక్కించి దించే పని నాది. మాకు ఒక రూలుంది: లాగి చూడటం రెండుసార్లు, తర్వాత టార్చి వేసుకుని దిగి చూడటం. కాళ్లు ఎత్తడం అన్నిటికంటే చివర. తమ్ముడు దిగి చూడకుండానే కాళ్లు ఎత్తేశాడు. కాళ్లు కింద ఉండగానే ఊడి ఉంటే ట్రైలర్ వాటి మీద నిలబడేది, ఛాసిస్ మీద పడేది కాదు.

గ్రీజుచేతులు
కాళ్ల మాట వంద శాతం ఒప్పుకుంటాను. రెండుసార్లు లాగడం మీద మాత్రం నాకంత నమ్మకం లేదు. తల మీద పట్టిన దవడ రెండోసారీ పడుతుంది. కన్నుతో చూసేదానికి లాగడం బదులు కాదు.

యార్డ్‌కాపలా
ఒకసారి లాగితే ఆగి, రెండోసారి కాస్త గట్టిగా లాగితే ఊడొచ్చినవి మూడు బండ్లు నా కళ్ల ముందే ఉన్నాయి. నేనైతే రూలు మార్చను.

వానరాత్రి
తిరగడం గురించి వచ్చింది కాబట్టి నాది చెప్తాను. నా బండి ప్లేటు మీద గ్రీజు ఎండిపోయి చాలా రోజులైంది, పట్టించుకోలేదు. మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను తిరిగి రావడం మానేసింది. చేత్తో వెనక్కి తేవాల్సి వచ్చేది. స్టీరింగ్ బాక్సు అనుకున్నాను. ఒక వానరాత్రి ఖాళీ ట్రైలర్‌తో మలుపు తిప్పితే ముందు చక్రాలు తిరిగాయి కానీ బండి నేరుగా పోయింది. ప్లేట్లు ఒకదానికొకటి పట్టేసి ట్రైలర్ తిరగకుండా నెట్టేసింది. అదృష్టం కొద్దీ రోడ్డు వెడల్పుగా ఉంది. మర్నాడు ట్రైలర్ తీసి చూస్తే ప్లేటు మీద గోళ్లతో గీకినట్టు గీతలు.

గ్రీజుచేతులు
సరిగ్గా అదే. బరువు ప్లేటు మీద ఉంది అన్నానే, అందుకే గ్రీజు కూడా ప్లేటుకే కావాలి. పాత గ్రీజు మీద కొత్తది పూయొద్దు. ఇసుక కలిసిన గ్రీజు రుబ్బురోలు లాగా పనిచేస్తుంది. గీకి తుడిచి, తర్వాత పూయాలి.

నలభైటన్నులు
బరువు విషయం నాకు ఇన్నేళ్లూ తప్పుగా తెలుసు, ఒప్పుకుంటున్నాను. కానీ నా బండికి బ్రేకు వేసినప్పుడు ఠక్, వదిలినప్పుడు ఠక్ అని ఆట ఉంది. అది అరుగుదలే కదా?

గ్రీజుచేతులు
అది అరుగుదలే అన్నా. లాగినప్పుడు పిన్ను వెనక వైపు, బ్రేకులో ముందు వైపు ఒత్తిడి పడుతుంది, అందుకే పిన్ను గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది. మెడని ముందు-వెనక ఒకసారి, పక్కల నుంచి ఒకసారి కొలవండి. 50.8 ఉండాల్సింది 49కి దిగితే పిన్ను మార్చేయాలి. దవడల ఆట సరిచేసే బోల్టు ఉంటుంది కానీ ముందు పిన్ను కొలవకుండా దాన్ని బిగించొద్దు. అరిగిన పిన్నుకి సరిపెట్టి బిగిస్తే, రేపు కొత్త పిన్ను ఉన్న ట్రైలర్ వచ్చినప్పుడు దవడలు పూర్తిగా మూసుకోవు.

నలభైటన్నులు
కొలిచాను. ముందు-వెనక 49.3, పక్కల 50.4. ఇప్పుడేం చెయ్యాలి? ఇంకా 0.3 ఉంది, నడిపేయొచ్చా?

గ్రీజుచేతులు
హద్దు దాటలేదు కాబట్టి నడుస్తుంది. నేనైతే ఇప్పుడే పార్టు తెప్పించి పెట్టుకుంటాను. మీకు చాలా ట్రైలర్లు మారుతుంటాయా, లేక ఒకటేనా అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

కొత్తస్టీరింగ్
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి మళ్లీ తగిలించాల్సి వచ్చింది. గ్రీజుచేతులు అన్న ప్రైవేటుగా చెప్పిన పద్ధతిలో చేశాను. ముందు ట్రైలర్ ప్లేటు కింది అంచు, ఫిఫ్త్ వీల్ ఎత్తు పక్కపక్కన చూసుకున్నాను. ట్రైలర్ ప్లేటు సమానంగానో కొంచెం కిందగానో ఉండాలట, 50 మిల్లీమీటర్లకు మించి కిందగా ఉండకూడదట. ఇది నాలుగు వేళ్లు పైన ఉంది. సస్పెన్షన్ దించి కిందకి దూరాను, పిన్నుకి అడుగు ముందు ఆగి, ప్లేటు ట్రైలర్‌ని ఆనే దాకా లేపాను. అప్పుడే మిగతా అడుగు వెనక్కి వెళ్లాను.

శబ్దం వేరుగా వచ్చింది, బరువుగా, ఒక్కసారే. దిగి ట్రైలర్ కిందకి వంగి వెనక నుంచి టార్చి వేశాను. ప్లేట్ల మధ్య వెలుతురు లేదు. దవడ మెడ వెనక అడ్డంగా మూసుకుని ఉంది. హ్యాండిల్ లోపలికి వెళ్లి కొక్కెం పడింది. ఆ తర్వాతే పైపులు, చివర్న కాళ్లు.

ఒక్కటే తేలలేదు. ఆ రోజు ట్రైలర్ కాళ్లు అంత ఎత్తున ఎవరు వదిలారో. నాకంటే ముందు లాగిన బండి ఎత్తు ఎక్కువ అయ్యుండొచ్చని యార్డులో అంటున్నారు.

యార్డ్‌కాపలా
అయ్యుండొచ్చు. మా దగ్గర ఎత్తు బండ్లు, పొట్టి బండ్లు రెండూ వస్తాయి, వదిలేసినవాడు తన బండికి సరిపడా పెట్టి పోతాడు. వచ్చే వారం నుంచి వదిలిన ట్రైలర్ ప్లేటు ఎత్తు సుద్దముక్కతో కాలి మీద రాయించబోతున్నాను. ఎంతమంది రాస్తారో చూడాలి.