అన్నమయ్య సంకెళ్ల కథ: ప్రతివాదాన్ని వ్యాసంలో ఎక్కడ పెట్టాలి?

తిరుపతిలో ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నాను. 2,500 పదాల వ్యాసం సోమవారం ఇవ్వాలి. సాళువ నరసింహరాయలు వేయించిన సంకెళ్లు అన్నమయ్య పాడగానే ఊడిపోయాయన్న కథను చారిత్రక ఆధారాలతో నిరూపించలేమన్నది నా వాదన.

ఈ కథకు ముఖ్య ఆధారం మనవడు చిన్నన్న రాసిన ద్విపద చరిత్ర. రెండోది ‘ఆకటి వేళల’ కీర్తన. అందులో సంకెళ్ల మాట ఉంది, నిజమే. కానీ అదే చరణంలో అప్పులవాళ్లు అడ్డగించిన వేళ కూడా ఉంది. కాబట్టి అది కష్టాల జాబితాలా ఉంది కానీ ఒక సంఘటనకు సాక్ష్యంలా లేదు.

మొదటి డ్రాఫ్టులో ప్రతివాదానికి చివర్లో నాలుగు లైన్లే ఇచ్చాను. “ఓడించడానికి వీలైన ప్రత్యర్థినే తెచ్చుకున్నావు” అన్నారు మా సార్. రెండోసారి దాన్ని ముందుకు తెచ్చి 900 పదాలు రాస్తే నా వాదనే కనిపించకుండా పోయింది. ప్రతి పాయింటు కిందా జవాబు పెట్టి చూస్తే చెప్పిందే మళ్లీ మళ్లీ వచ్చింది.

అసలు చిక్కు ఇక్కడ. చెరసాల సంగతి చిన్నన్న మాట మీద నమ్ముతున్నాను, సంకెళ్లు ఊడటం మాత్రం వద్దంటున్నాను. ‘ఒకే సాక్షిని సగం నమ్మడం ఏ న్యాయం?’ అన్నదే బలమైన ప్రతివాదం. అద్భుతాలు జరగవు కాబట్టి అంటే, తేల్చాల్సినదాన్నే ముందు ఒప్పుకున్నట్టవుతుంది.

ఈ ఒక్క ప్రతివాదాన్ని కీర్తన విశ్లేషణకు ముందు పెట్టాలా, తర్వాతా?